ఆలస్యం సరే, కంపెనీకి జరిగిన హాని ఏది?

బీమా కంపెనీల తిరస్కరణ లేఖల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది. ‘నష్టం జరిగిన వెంటనే మాకు తెలియజేయలేదు. పాలసీ షరతు నంబర్ 1ని ఉల్లంఘించారు. కాబట్టి క్లెయిమ్‌ను పరిగణించలేం.’ వాహనం పోయిన మాట అబద్ధమని ఆ లేఖ అనదు. ప్రీమియం కట్టలేదనీ, పత్రాలు సరిగా లేవనీ అనదు. ఆలస్యం ఒక్కటే కారణం.

ఆ లేఖ అందుకున్నవారిలో చాలామంది తప్పు తమదేనని ఒప్పుకొని ఊరుకుంటారు. మరికొందరు జ్వరం వచ్చిందనీ, ఊళ్లో లేమనీ, ఏజెంటు ఫోన్ ఎత్తలేదనీ సంజాయిషీ రాస్తారు. సంజాయిషీ అవసరమే, కానీ అదొక్కటే చాలదు. కంపెనీని అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. మేం మొదటి రోజే చెప్పి ఉంటే మీరు చేయగలిగిందేమిటి, ఆలస్యంగా చెప్పడం వల్ల చేయలేకపోయిందేమిటి? దీనికి కంపెనీ దగ్గర గట్టి జవాబు లేకపోతే ఆ తిరస్కరణ నిలవడం కష్టం. వాహన దొంగతనాల విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు ఈ వాదనకు మంచి బలమిచ్చాయి. అందుకే ఇక్కడ ఆ ఒక్క రకం క్లెయిమ్‌నే తీసుకుని చూద్దాం.

‘వెంటనే’ అన్న షరతు ఎందుకుంది?

మోటారు పాలసీలో మొదటి షరతును ఒకసారి నిదానంగా చదవాలి. అందులో రెండు విషయాలున్నాయి. ప్రమాదం వల్ల నష్టం జరిగితే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలన్నది మొదటిది. దొంగతనం వంటి నేరం జరిగితే వెంటనే పోలీసులకు తెలిపి, నేరస్తుడికి శిక్ష పడేలా కంపెనీకి సహకరించాలన్నది రెండోది.

ఈ రెండింటి అవసరాలు వేరు. ప్రమాదంలో దెబ్బతిన్న వాహనం కళ్లెదుట ఉంటుంది. బానెట్ ఎంత నొక్కుకుపోయింది, ఛాసిస్ వంగిందా, రిపేరుకు ఎంతవుతుంది అన్నది సర్వేయర్ వచ్చి చూడాలి. ఆయన రాకముందే మెకానిక్ విప్పేస్తే చూడడానికేమీ మిగలదు. దొంగతనంలో సర్వేయర్ కొలవడానికి వాహనమే ఉండదు. దాన్ని వెతికే పని పోలీసులది. రాస్తాల మీద తనిఖీ పెట్టే అధికారం, నిందితుణ్ని పట్టుకునే అధికారం వాళ్లకే ఉన్నాయి.

గుర్షిందర్ సింగ్ వర్సెస్ శ్రీరామ్ జనరల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్న తేడా ఇదే. 2010 అక్టోబరులో పంజాబ్‌లో ఒక ట్రాక్టర్ దొంగతనానికి గురైంది. అదే రోజు ఎఫ్ఐఆర్ నమోదైంది. తమకు చెప్పడంలో 52 రోజులు ఆలస్యమైందని కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చింది. 2020 జనవరి 24న జస్టిస్ ఎన్.వి.రమణ, జస్టిస్ ఆర్.సుభాష్‌రెడ్డి, జస్టిస్ బి.ఆర్.గవాయ్‌ల ధర్మాసనం ట్రాక్టర్ యజమాని పక్షాన తీర్పిచ్చింది. దాని సారాంశంలో మూడు అంశాలున్నాయి. దొంగతనం జరిగిన వెంటనే ఎఫ్ఐఆర్ నమోదై ఉండాలి. పోలీసులు దర్యాప్తు చేసి, వాహనం దొరకలేదని తుది నివేదిక ఇచ్చి ఉండాలి. కంపెనీ పంపిన సర్వేయరో, ఇన్వెస్టిగేటరో దొంగతనం నిజమేనని తేల్చి ఉండాలి. ఈ మూడూ ఉన్నప్పుడు, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ నిరాకరించడం కుదరదు.

దీనికి బాట వేసింది 2017 అక్టోబరు 4 నాటి ఓం ప్రకాశ్ వర్సెస్ రిలయన్స్ జనరల్ ఇన్సూరెన్స్ తీర్పు. 2010 మార్చి 23న ఒక ట్రక్కు పోయింది. మర్నాడు ఎఫ్ఐఆర్ అయింది. యజమాని పోలీసులతో కలిసి ట్రక్కును వెతుకుతూ తిరిగి, ఎనిమిది రోజుల తర్వాత కంపెనీకి చెప్పాడు. కంపెనీ నియమించిన ఇన్వెస్టిగేటర్ దొంగతనం నిజమేనని తేల్చాడు. అయినా క్లెయిమ్ తిరస్కరించారు. వాహనం పోగొట్టుకున్న మనిషి ముందు దాన్ని వెతుక్కుంటాడే గానీ పరిహారం కోసం నేరుగా కంపెనీ గుమ్మం తొక్కడని కోర్టు గుర్తించింది. వడ్డీతో సహా 8,35,000 రూపాయలు చెల్లించమంది. దానికి అదనంగా 50,000 రూపాయల పరిహారం కూడా ఇవ్వమంది.

నియంత్రణ సంస్థ మాట

కోర్టు తీర్పుల కంటే ముందే, 2011 సెప్టెంబరు 20న, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ కంపెనీలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. గడువు షరతు దానంతటదే తుది తీర్పు కాదని అందులో చెప్పింది. ఆలస్యానికి కారణమేమిటో కంపెనీ విచారించి రికార్డు చేయాలి. ఆ క్లెయిమ్ సకాలంలో వచ్చి ఉన్నా తిరస్కరించాల్సిందేనని తనకు తాను నిర్ధారించుకోవాలి. అంతవరకూ ఆలస్యం పేరుతో తోసిపుచ్చకూడదు.

ఈ చివరి మాటలోనే మన వాదన మొత్తం ఉంది. సకాలంలో చెప్పి ఉంటే మీరు ఈ క్లెయిమ్ చెల్లించేవారా, కాదా? చెల్లించేవాళ్లమే అయితే ఇప్పుడూ చెల్లించాలి. చెల్లించేవాళ్లం కాదంటే దానికి ఆలస్యం కాకుండా మరో కారణం ఉండాలి, ఆ కారణం లేఖలో రాయాలి.

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇదే దారిలో నడుస్తున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 2009 జనవరి నుంచి జారీ అయ్యే లయబిలిటీ పాలసీలకు దీన్ని చట్టంలోనే రాసింది. గడువు దాటి రెండేళ్లలోపు సమాచారం అందితే, తనకు హాని జరిగిందని రుజువు చేసే బాధ్యత కంపెనీది. రెండేళ్లు దాటితే హాని జరగలేదని చూపే బాధ్యత పాలసీదారుది. మన దగ్గర అలాంటి స్పష్టమైన చట్టం లేదు. అందుకే రుజువులు కంపెనీయే తెస్తుందని ఎదురుచూడకుండా, హాని జరగలేదని చూపే కాగితాలు మనమే ముందుగా సిద్ధం చేసుకోవడం మేలు.

ఒక క్లెయిమ్‌ను విప్పి చూద్దాం

అర్థం కావడానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. సూర్యాపేటలో కూరగాయలు తోలుకునే ఒకాయనకు ట్రాలీ వాహనం ఉంది. పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బీమా విలువ, 6 లక్షలు. మూడో తేదీ రాత్రి ఇంటి ముందు నిలిపి, తాళం వేసి పడుకున్నాడు. నాలుగో తేదీ తెల్లవారుజామున చూస్తే వాహనం లేదు. వెంటనే 100కు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఎఫ్ఐఆర్ అయింది. తర్వాత తెలిసినవాళ్లతో కలిసి టోల్ ప్లాజాలు, పాత సామాను కొట్లు తిరిగాడు. 27వ తేదీన ఫైనాన్స్ కంపెనీ మనిషి అడిగితే గానీ బీమా సంగతి గుర్తు రాలేదు. ఆ రోజే తెలియజేశాడు. అంటే 23 రోజుల ఆలస్యం. కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ను పంపింది. ఆయన ఇంటికొచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు, రెండు తాళం చెవులూ తీసుకున్నాడు. కొన్ని నెలలకు పోలీసులు వాహనం దొరకలేదని నివేదిక ఇచ్చారు. చివరికి వచ్చింది తిరస్కరణ లేఖ.

ఇప్పుడు నాలుగో తేదీనే సమాచారం అంది ఉంటే కంపెనీ ఏం చేసి ఉండేదో ఒక్కొక్కటిగా రాసుకోవాలి. ప్రతి పనికీ ఎదురుగా, ఆ పని 27వ తేదీన కూడా సాధ్యమైందా లేదా అని చూడాలి.

మొదటిది వాహనాన్ని వెతకడం. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు మొదటి రోజే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కాయి. వెతకాల్సినవాళ్ల చేతికి వివరాలన్నీ అందాయి. కంపెనీకి సొంత పోలీసులు లేరు. దానికి తెలిసి ఉన్నా, ఇదే స్టేషనుకు వెళ్లి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందని అడగగలిగేదే తప్ప అంతకుమించి చేసేదేమీ లేదు. ఇక్కడ ఎఫ్ఐఆర్ కాపీ, 100కు చేసిన ఫోన్ కాల్ రికార్డు మన రుజువులు.

రెండోది దొంగతనం నిజమా కాదా అన్న విచారణ. కంపెనీ గట్టిగా వాదించగలిగే చోటు ఇదే. సీసీ కెమెరాల దృశ్యాలు కొద్ది రోజులకో, కొన్ని వారాలకో చెరిగిపోతాయి. ‘మేం మొదటి వారంలో వచ్చి ఉంటే ఆ వీధి కెమెరాలు చూసేవాళ్లం’ అని కంపెనీ అనవచ్చు. దానికి రెండు రకాల జవాబులుంటాయి. పోలీసులు ఆ దృశ్యాలను అప్పుడే చూసి ఉంటే, ఆ విషయం వాళ్ల రికార్డులోనో, తుది నివేదికలోనో ఉంటుంది. అంటే సాక్ష్యాన్ని ఎవరూ చూడకుండా పోలేదు. రెండో జవాబు, ఇన్వెస్టిగేటర్ ఆలస్యంగా వచ్చినా ఆయనకు దొరికినవేమిటో చూపడం. చుట్టుపక్కలవాళ్లు ఉన్నారు, మాట్లాడారు. రెండు తాళం చెవులూ అప్పగించారు. వాహనం ఏ టోల్ ప్లాజా దాటిందో చెప్పే ఫాస్టాగ్ లావాదేవీల చిట్టా బ్యాంకు నుంచి తర్వాత కూడా తెప్పించుకోవచ్చు. ఇన్ని చూసి ఇన్వెస్టిగేటర్ దొంగతనం నిజమేనని రాస్తే, ‘విచారణకు అవకాశం లేకపోయింది’ అన్న మాటకు కంపెనీ సొంత ఫైలే అడ్డం తిరుగుతుంది.

మూడోది నష్టం లెక్క. అగ్నిప్రమాదంలోనో వరదలోనో నష్టమెంతో తేల్చడం పెద్ద పని. వాహనం మొత్తంగా పోయినప్పుడు ఆ పనే లేదు. ఐడీవీ పాలసీ ఇచ్చిన రోజే ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్న అంకె. సమాచారం మొదటి రోజు అందినా, 23వ రోజు అందినా అది 6 లక్షలే. ఆలస్యం వల్ల కంపెనీ మీద అదనంగా ఒక్క రూపాయి భారం పడలేదు.

నాలుగోది పత్రాల తనిఖీ. ఆర్సీ, పర్మిట్, ఫిట్‌నెస్ వివరాలు రవాణా శాఖ దగ్గరున్నాయి. దొంగతనం జరిగిన రోజున అవి చెల్లుబాటులో ఉన్నాయా అన్నది ఎప్పుడైనా చూడవచ్చు.

చివరిది, డబ్బు చెల్లించాక కంపెనీకి వచ్చే హక్కు. పరిహారం ఇచ్చిన తర్వాత వాహనం దొరికితే అది కంపెనీకే చెందుతుంది. ఎఫ్ఐఆర్ ఉంది, కేసు రికార్డుంది, కావాల్సిన పత్రాల మీద సంతకం పెట్టడానికి యజమాని సిద్ధంగా ఉన్నాడు. కాబట్టి ఆ హక్కుకూ లోటు రాలేదు.

ఇలా ఐదు అంశాలూ పరిశీలించాక కంపెనీకి రాసే లేఖ క్లుప్తంగానే ఉండవచ్చు. అందులోని ముఖ్యమైన పేరా ఇలా ఉంటుంది:

‘మీకు తెలియజేయడంలో 23 రోజుల ఆలస్యం జరిగిన మాట నిజం. ఆ రోజుల్లో నేను పోలీసులకు సహకరిస్తూ వాహనం కోసం వెతుకుతున్నాను. దొంగతనం జరిగిన సంగతి తెలిసిన రోజే ఎఫ్ఐఆర్ నమోదైంది. మీ ఇన్వెస్టిగేటర్ పూర్తి విచారణ జరిపారు, నేను అడిగినవన్నీ అప్పగించాను. వాహనం దొరకలేదని పోలీసులు నివేదిక ఇచ్చారు. ఆలస్యం వల్ల మీరు చేయలేకపోయిన విచారణ ఏమిటో, దానివల్ల మీకు జరిగిన హాని ఏమిటో మీ లేఖలో లేదు. 20-9-2011 నాటి ఐఆర్‌డీఏ సర్క్యులర్ ప్రకారం, సకాలంలో తెలియజేసి ఉన్నా ఈ క్లెయిమ్‌ను ఏ కారణంతో తిరస్కరించేవారో రాతపూర్వకంగా తెలపండి. అలాంటి కారణం లేకపోతే క్లెయిమ్‌ను పరిష్కరించండి.’

ఆలస్యాన్ని దాచకపోవడం ఈ లేఖకు బలం. తేదీలు మార్చి చెప్పడం, ఏజెంటుకు ముందే చెప్పానని లేనిది కల్పించడం చాలా ప్రమాదం. ఫోన్ రికార్డులో దొరికిపోతే, ఆలస్యం గురించిన వాదన కాస్తా నిజాయతీ గురించిన అనుమానంగా మారుతుంది.

ఇన్వెస్టిగేటర్ నివేదిక కాపీ కోసం రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వ రంగ బీమా కంపెనీ అయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. అయినా చేతికి రాకపోతే, దాన్ని దాఖలు చేసేలా కంపెనీని ఆదేశించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు. ఈ వాదనలో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

ఎక్కడ ఈ వాదన నిలవదు

ప్రతి ఆలస్యమూ హాని లేనిదే అనుకోకూడదు. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన సోనెల్ క్లాక్స్ వర్సెస్ న్యూ ఇండియా అస్యూరెన్స్ కేసు దీనికి ఉదాహరణ. వరద నష్టం గురించి ఆ సంస్థ కంపెనీకి 3 నెలల 25 రోజుల తర్వాత చెప్పింది. తిరస్కరణ సరైనదేనని కోర్టు తేల్చింది. ఆలస్యమైనా కంపెనీ సర్వేయర్‌ను పంపింది కాబట్టి షరతును వదులుకున్నట్టే అన్న వాదనను ఒప్పుకోలేదు. వరదలో తడిసిన సరుకు నెలల తరబడి అలాగే ఉండదు. కొంత పారేస్తారు, కొంత ఎండబెట్టి అమ్మేస్తారు. ఏది వరదకు పాడైంది, ఏది అంతకుముందే పాడై ఉంది అన్నది తేల్చే దారి మూసుకుపోతుంది. అది నిజమైన హాని.

ప్రమాదంలో దెబ్బతిన్న కారును సర్వేయర్‌కు చూపకుండానే బాగుచేయించినా చిక్కు ఇదే. అప్పటికే రిపేరు చేయించి ఉంటే ప్రమాద స్థలం ఫోటోలు, గ్యారేజీ జాబ్‌కార్డు, తీసేసిన పాత భాగాలు ఉన్నాయేమో చూసుకోవాలి. అవి కూడా లేకపోతే వాదన బలహీనపడుతుంది.

దొంగతనంలో అయితే అసలు ప్రమాదం పోలీసులకు చెప్పడంలో ఆలస్యం. పైన చెప్పిన తీర్పులన్నీ ఎఫ్ఐఆర్ వెంటనే అయిందన్న పునాది మీద నిలబడ్డాయి. పోలీసులకే వారాల తర్వాత చెబితే, వాహనాన్ని పట్టుకునే అవకాశం నిజంగానే చేజారుతుంది. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినా ‘ముందు వెతుక్కోండి’ అని ఎఫ్ఐఆర్ ఆలస్యం చేస్తే, ఫిర్యాదు అందినట్టు తేదీతో రసీదైనా తీసుకోవాలి, 100కు చేసిన కాల్ వివరమైనా దాచుకోవాలి.

కంపెనీలు తమకు అనుకూలంగా ఎక్కువగా చూపేది 2010 నాటి పర్వేశ్ చందర్ చద్దా తీర్పును. అందులో 1995 జనవరిలో పోయిన కారు గురించి కంపెనీకి మే నెలలో చెప్పారు. సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. ఈ తీర్పుకూ ఓం ప్రకాశ్ తీర్పుకూ పొంతన కుదరకపోవడం వల్లే విషయం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. దాని ఫలితమే 2020 నాటి గుర్షిందర్ సింగ్ తీర్పు. కాబట్టి ఎవరైనా 2010 తీర్పును ముందు పెడితే జవాబుగా 2020 తీర్పును చూపాలి. ఆ తర్వాత 2022 ఫిబ్రవరి 11న జైనా కన్‌స్ట్రక్షన్ కంపెనీ వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో కూడా సుప్రీంకోర్టు అదే బాటలో నడిచింది. అక్కడ ట్రక్కు దోపిడీకి గురైన మర్నాడే ఎఫ్ఐఆర్ అయింది. కంపెనీకి తెలిసింది ఐదు నెలలు దాటాక. అయినా పరిహారం దక్కింది. అయితే ఆ కేసులో మొత్తం కాకుండా, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో 75 శాతం ఇచ్చారు. అందుకే ఫిర్యాదులో పూర్తి మొత్తం కోరుతూనే, అది కాకుంటే కనీసం ఈ పద్ధతిలోనైనా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగడం మంచిది.

ఎక్కడికి వెళ్లాలి

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి పై లేఖ పంపాలి. జవాబు నచ్చకపోయినా, నెల రోజుల్లో రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. వ్యక్తులు తీసుకున్న పాలసీల మీద 50 లక్షల రూపాయల వరకు వివాదాలను అక్కడ విచారిస్తారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. దానికి గడువు రెండేళ్లు. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఈ గడువును మరిచిపోకూడదు. దావాకు ఎఫ్ఐఆర్, పోలీసుల తుది నివేదిక, పాలసీ, తిరస్కరణ లేఖ, మీరు రాసిన జవాబు జతచేయాలి. ఐదు అంశాల లెక్కను తేదీలతో ఒక పేజీలో రాసి ఇస్తే విచారణ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇంకా కంపెనీకి చెప్పనివాళ్లు ఎవరైనా ఉంటే, ఎలాగూ ఆలస్యమైంది కదా అని ఊరుకోవద్దు. కోర్టులు చూసేది ఆలస్యం ఎన్ని రోజులన్నది మాత్రమే కాదు, ఆ రోజుల్లో కంపెనీ నిజంగా కోల్పోయిందేమిటని కూడా. చెప్పకుండా గడిచే ప్రతి రోజుతోనూ కంపెనీకి ఆ మాట అనే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఈ రోజే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి ఈమెయిల్ పంపండి, అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి.